కనుబొమ్మ మీద మరో గీత

మన ఊళ్ళలో కూడలి అన్నాక గాంధీ విగ్రహమో అంబేడ్కర్ విగ్రహమో ఉంటుంది. చాలాచోట్ల రెండూ ఉంటాయి. ఇద్దరికీ కళ్ళజోడు ఉంటుంది. ఇద్దరిదీ ఇంచుమించు గుండ్రమే. అయినా ఆ రెండు ముఖాలూ మనకిచ్చే భావం ఒకటి కాదు. గాంధీగారిది సన్నటి తీగ చుట్టు. ఆ చుట్టులోంచి ముడతలు, బోసినవ్వు, కళ్ళ కింది మెత్తదనం అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. కళ్ళజోడు ముఖానికి అడ్డు రాదు. అంబేడ్కర్ గారి ఫ్రేమ్ మందంగా, ముదురు రంగులో ఉంటుంది. ఆయన ముఖంలో ముందు మన కంటికి తగిలేది ఆ చూపే. చదివి, వాదించి, ఒక మాట మీద నిలబడే మనిషి అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

గుండ్రని ఫ్రేమ్ పెట్టుకుంటే సాధువులా ఉంటారనో, మేధావిలా ఉంటారనో ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. ఒకే గుండ్రం గీత సన్నగా ఉంటే ఒక ముఖాన్ని, లావుగా ఉంటే మరో ముఖాన్ని ఇస్తున్నప్పుడు ఆకారం పేరు ఒక్కటే చెబితే సరిపోదు. ఆ గీత ఎంత మందం, ఎటు వాలింది, ముఖంలో ఎక్కడ కూర్చుంది అన్న మూడూ చూడాలి. ఏవియేటర్, రౌండ్, క్యాట్-ఐ అనే పేర్లతో దుకాణంలో మన ముందు పరిచే ఫ్రేముల మధ్య అసలు తేడా అక్కడే ఉంది.

కళ్ళజోడుకి ఇంత బలం రావడానికి కారణం కనుబొమ్మ. ఎదుటి మనిషి కోపంగా ఉన్నాడా, ఆశ్చర్యపోయాడా, దిగులుగా ఉన్నాడా అని మనం ముందు వెతికేది కనుబొమ్మల్లోనే. ముఖాన్ని గుర్తుపట్టడంలోనూ వాటి వాటా పెద్దది. 2003లో జావిద్ సద్ర్, ఇజ్జత్ జరూదీ, పవన్ సిన్హా అనే పరిశోధకులు ప్రసిద్ధుల ఫొటోలతో ఒక పరీక్ష చేశారు. కొన్ని ఫొటోల్లో కళ్ళు చెరిపేశారు, కొన్నింట్లో కనుబొమ్మలు చెరిపేశారు. కళ్ళు లేని ముఖాల కంటే కనుబొమ్మలు లేని ముఖాలను గుర్తుపట్టడమే జనానికి ఎక్కువ కష్టమైంది. సరిగ్గా ఆ కనుబొమ్మ ఉన్నచోటే కళ్ళజోడు పైఅంచు వచ్చి కూర్చుంటుంది. చూసేవాళ్ళ మనసు దాన్ని కూడా కనుబొమ్మగానే చదువుకుంటుంది. కనుబొమ్మ కదులుతుంది, ఫ్రేమ్ కదలదు. అందుకే ఫ్రేమ్ ఇచ్చే భావం రోజంతా ముఖం మీద అలాగే నిలిచిపోతుంది.

ఇక ఒక్కో గీత ఎటు వాలుతుందో చూద్దాం. కంటి బయటి కొస కణత వైపు పైకి లేస్తే చురుకు, కొంటెతనం. అదే కొస కిందికి జారితే నిదానం, బరువు, కొన్నిసార్లు అలసట. గుండ్రానికి ఏ దిశా లేదు. అది కంటి ఆకారాన్నే మళ్ళీ పెద్దగా గీసినట్టు ఉంటుంది కాబట్టి చూపు మధ్యలో ఉన్న కంటిపాప మీద నిలుస్తుంది. ఆ ముఖం వింటున్నట్టు, ఏదో గమనిస్తున్నట్టు అనిపించేది అందుకే.

గుండ్రం ఎవరో అందం కోసం ఎంచుకున్న ఆకారం కాదు. 13వ శతాబ్దం చివర్లో ఇటలీలో మొదటి కళ్ళద్దాలు పుట్టినప్పటి నుంచి అద్దాన్ని తిప్పుతూ అరగదీయడమే పద్ధతి. తిప్పి అరగదీసినది గుండ్రంగానే వస్తుంది. దానికి చుట్టూ ఒక తీగ కడితే చాలు. కొన్ని వందల ఏళ్ళ పాటు చదువుకున్నవాళ్ళ ముక్కు మీద ఉన్నది ఈ గుండ్రమే కనుక చదువుకీ దానికీ ముడిపడిపోయింది. గాంధీగారి తర్వాత నిరాడంబరత కూడా వచ్చి చేరింది. 2014లో మొదలైన స్వచ్ఛ భారత్ గుర్తులో ఆయన ముఖం లేదు, కళ్ళజోడు ఒక్కటే ఉంది. కొత్త ఐదొందల నోటు వెనక వైపు కూడా ఆ గుర్తు కనిపిస్తుంది. రెండు సున్నాలూ మధ్యలో ఒక వంపూ గీస్తే దేశమంతా ఒక మనిషిని గుర్తుపట్టడం మరే ఫ్రేముకీ దక్కని గౌరవం.

ఏవియేటర్ కథ వేరు. అది పనిలోంచి పుట్టింది. 1930లలో అమెరికా సైనిక పైలట్లకు ఎత్తులో ఎండ తీవ్రత పెద్ద బాధ. మేఘాల మీద పడి తిరిగొచ్చే వెలుతురు కళ్ళు మిరుమిట్లు గొలిపేది. బాష్ అండ్ లాంబ్ అనే కళ్ళద్దాల సంస్థ ఆకుపచ్చ అద్దంతో తేలికైన లోహపు ఫ్రేమ్ తయారుచేసి 1937లో రేబాన్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. ఆ అద్దం నీటిబొట్టులా కిందికి, బయటికి జారి ఉండడానికి కారణం సూటిగా ఉంది. పైలట్ తల ఎత్తి ఆకాశం చూస్తాడు, మరుక్షణం తల దించకుండా కళ్ళు మాత్రమే దించి ముందున్న మీటర్లు చూస్తాడు. కన్ను ఎటు తిరిగినా అద్దం దాటిపోకూడదు. కంటిగుంట ఎంతవరకు ఉందో అంతవరకూ, చెంప ఎముక మీదికి వచ్చేదాకా అద్దం ఉండాలి. ముక్కు పక్కన చోటు వదలాలి కాబట్టి అద్దం లోపలి కింది మూల కోసుకుపోయి, బొడ్డు అంతా బయటి వైపుకి జరిగింది. ఏవియేటర్ గీతలు కిందికి వాలడం అలా వచ్చింది.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. కిందికి వాలిన గీత దిగులుని ఇవ్వాలి కదా, మరి ఏవియేటర్ పెట్టుకున్న పోలీసు అధికారి దర్పంగా ఎలా కనిపిస్తాడు? జవాబు అద్దం రంగులో ఉంది. ముదురు అద్దం వెనక కళ్ళు కనపడవు. ఎదుటివాడు మనవైపే చూస్తున్నాడో లేదో తెలియనప్పుడు మనలో ఒక చిన్న బెరుకు మొదలవుతుంది. దానికి తోడు రెండు అద్దాలనూ కలుపుతూ నుదుటి కింద అడ్డంగా పోయే తీగ కనుబొమ్మల్ని ఒక్క గీతగా బిగిస్తుంది. 1944 అక్టోబరులో ఫిలిప్పీన్స్‌లోని లేటే తీరంలో నీళ్ళలో నడుస్తూ ఒడ్డుకొస్తున్న జనరల్ మెకార్థర్ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అందులో ఆయన కళ్ళు మనకి కనపడవు, నల్లద్దాలు మాత్రమే కనపడతాయి. 1986లో 'టాప్ గన్' సినిమాలో టామ్ క్రూజ్ ఆ అద్దాలకు సైన్యపు బరువు తగ్గించి కుర్రకారు హుషారు ఎక్కించాడు. మన సినిమాల్లో జీపు దిగే పోలీసు హీరోకి అవి యూనిఫారంలో భాగమే అయిపోయాయి.

ఇప్పుడు అదే ఫ్రేములో నల్లద్దం తీసేసి పవర్ ఉన్న తెల్లద్దం పెట్టండి. మొత్తం మారిపోతుంది. కళ్ళు కనపడతాయి. వాటి చుట్టూ కిందికి జారిన గీత కూడా కనపడుతుంది. కూలింగ్ గ్లాసుల్లో దర్పం ఇచ్చిన వంపు ఇప్పుడు కంటి కింది సంచుల్ని, చెంపల వాలుని రెట్టించి చూపిస్తుంది. యాభై దాటినవాళ్ళ ముఖంలో ఇది మరీ తెలుస్తుంది. తెల్లద్దాల ఏవియేటర్ నిండు చెంపల కుర్రవాళ్ళ మీద హాయిగా ఉంటుంది, సన్నబడి వాలిన ముఖాన్ని ఇంకా కిందికి లాగుతుంది. దుకాణంలో కూలింగ్ గ్లాసులుగా నచ్చిన ఆకారాన్ని రోజువారీ కళ్ళజోడుగా తీసుకుని చాలామంది నిరాశపడేది ఇక్కడే.

క్యాట్-ఐకి మాత్రం ఒక తల్లి ఉంది, ఆమె పేరు మనకి తెలుసు. అల్టీనా షినాసి న్యూయార్క్‌లో పెద్ద దుకాణాల అద్దాల కిటికీలను అలంకరించే కళాకారిణి. 1930లలో ఒక కళ్ళద్దాల దుకాణం ముందు నుంచి పోతూ లోపల పెట్టిన ఆడవాళ్ళ ఫ్రేములు చూసింది. అన్నీ ఒకే రకం, ఒకటీ ముఖానికి అందం ఇచ్చేది కాదు. ముఖం మీద పెట్టుకునేవాటిలో అందమైనది ఏముంది అని ఆలోచిస్తే ఆమెకు ఇటలీ నాటకాల్లో హార్లెక్విన్ అనే విదూషకుడు కట్టే ముఖకవచం గుర్తొచ్చింది. కళ్ళ బయటి కొసలు పైకి లేచిన కవచం అది. కాగితం తీసుకుని కత్తెరతో ఆ ఆకారం కత్తిరించి, ముఖానికి పెట్టుకుని చూసుకుంది.

పెద్ద తయారీదారులు ఎవరూ ఒప్పుకోలేదు. ఇంత వింతవి ఎవరు పెట్టుకుంటారు అన్నారు. చివరికి మాడిసన్ అవెన్యూలో లూజీన్ అనే దుకాణం వాళ్ళు తీసుకున్నారు, ఆరు నెలల పాటు తమకే ఇవ్వాలన్న షరతుతో. ఫ్రేమ్ దావానలంలా పాకింది. 1939లో లార్డ్ అండ్ టేలర్ సంస్థ ఆమెకు డిజైన్ పురస్కారం ఇచ్చింది. హార్లెక్విన్ అన్న పేరు మెల్లగా మరుగునపడి, పిల్లి కన్ను అన్న పేరే నిలిచింది.

ఆమె చేసిన పని ఎంత తెలివైనదో అర్థం కావాలంటే కూచిపూడి కళాకారిణి ముఖాన్ని దగ్గర నుంచి చూడాలి. కాటుక కంటి కొస దగ్గర ఆగదు, కణత వైపు తోకలా సాగుతుంది. ఆఖరి వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా కన్ను ఎటు తిరిగిందో తెలియాలి మరి. క్యాట్-ఐ కూడా ఆ కాటుక తోక చేసే పనే చేస్తుంది. కంటి బయటి కొసకు ఎత్తు ఇచ్చి, చూపుకి ఒక దిశ ఇస్తుంది. చెంప ఎముక పైకి లేచినట్టు కనిపిస్తుంది. నవ్వు మొదలవబోతున్నప్పుడు ముఖంలో జరిగేది కూడా ఇదే. అందుకే క్యాట్-ఐ పెట్టుకున్న ముఖం ఏదో చమత్కారం చెప్పబోతున్నట్టు ఉంటుంది.

అంతకుముందు కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి అంటే ఆకర్షణ లేని అమ్మాయి అన్న భావం అమెరికాలోనూ బలంగా ఉండేది. 1953 నాటి 'హౌ టు మ్యారీ ఎ మిలియనీర్' సినిమాలో మార్లిన్ మన్రో పాత్రకు దూరపుచూపు ఆనదు. మగవాళ్ళ ముందు కళ్ళజోడు పెట్టుకోవడం నామోషీ. తీసేసి గోడలకు గుద్దుకుంటూ తిరుగుతుంది, విమానంలో పుస్తకం తలకిందులుగా పట్టుకుంటుంది. పక్కసీటు ఆయన చెప్పగా చివరికి కళ్ళజోడు పెట్టుకుంటే, అది క్యాట్-ఐ. దాంతో ఆమె ఇంకా బావుంది. ఒక ఫ్రేమ్ ఆకారం మారినందుకే అప్పటిదాకా దాచుకున్న వస్తువు బయటికొచ్చిందని నాకు గట్టి నమ్మకం. మన దగ్గర పెళ్ళిచూపులకు కళ్ళజోడు తీసేయమనే మాట ఇంకా పూర్తిగా పోలేదు. అలా తీయమన్నవాళ్ళు ఆ పిల్లకి సరైన ఫ్రేమ్ ఒక్కసారైనా పెట్టి చూశారా అన్నదే నా ప్రశ్న.

ఇదంతా అద్దంలో చూసుకునేటప్పుడు బాగానే ఉంటుంది. దుకాణంలో పెట్టి చూసే ఫ్రేములో పవర్ లేని డమ్మీ అద్దం ఉంటుంది. మనకి వచ్చే కళ్ళజోడులో మన పవర్ ఉంటుంది. ఆ రెండింటి మధ్య తేడాని ఒక ఉదాహరణతో లెక్కకట్టి చూద్దాం.

ఒక అమ్మాయికి రెండు కళ్ళకూ మైనస్ 5 ఉందనుకుందాం. రెండు కంటిపాపల మధ్య దూరం, దుకాణంలో పీడీ అంటారు, 60 మిల్లీమీటర్లు. ఆమె ముందు మూడు ఫ్రేములున్నాయి. ఫ్రేమ్ కాడ లోపలి వైపు సన్నటి అక్షరాల్లో అంకెలుంటాయి. మొదటిది అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీది వంతెన వెడల్పు, మూడోది చెవి మీదికి పోయే కాడ పొడవు. ఆమెకు నచ్చిన ఏవియేటర్ మీద 58, 14 అని ఉంది. రౌండ్ మీద 46, 20. క్యాట్-ఐ మీద 52, 17.

మొదటి రెండు అంకెలు కూడితే ఒక అద్దం నడిమి నుంచి రెండో అద్దం నడిమికి ఉన్న దూరం వస్తుంది. ఏవియేటర్‌కి 72. ఆమె పీడీ 60. తేడా 12, అంటే ఒక్కో కన్ను అద్దం నడిమికి 6 మిల్లీమీటర్లు ముక్కు వైపుగా ఉంది. మైనస్ అద్దం ఎప్పుడూ నడుమ సన్నం, అంచుల్లో లావు. ఆ సన్నని చోటు కంటిపాపకి ఎదురుగా రావాలి కాబట్టి దాన్ని లోపలికి జరుపుతారు. అప్పుడు కణత వైపు అంచు ఇంకా దూరమవుతుంది. కంటిపాప నుంచి ఆ అంచు దాకా 35 మిల్లీమీటర్లు. మామూలు ప్లాస్టిక్ అద్దంలో అక్కడ మందం 8 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. రౌండ్‌కి 46, 20 కలిపితే 66, ఒక్కో కంటికి జరపవలసింది 3 మాత్రమే. అంచు దాకా 26 మిల్లీమీటర్లు, మందం ఐదున్నర లోపే. ఏవియేటర్‌ని ఖరీదైన 1.67 రకం అద్దంతో చేయిస్తే 8 కాస్తా 6కి దిగుతుంది. అప్పుడు కూడా మామూలు అద్దం పెట్టిన రౌండ్ కంటే లావే.

"అమ్మా, మీ పవర్‌కి ఇది బాగా లావొస్తుందమ్మా" అని అనుభవమున్న దుకాణదారు చెప్పేది ఈ లెక్కే. సన్నటి తీగ ఫ్రేములోంచి 8 మిల్లీమీటర్ల అద్దం రెండు వైపులా పొడుచుకొస్తుంది. పక్క నుంచి చూస్తే అంచులో వలయాలు వలయాలుగా తెల్లటి గీతలు కనపడతాయి. ఎదురుగా చూస్తే అద్దంలోంచి కనపడే ముఖపు అంచు లోపలికి నొక్కుకుపోయినట్టు ఉంటుంది, కళ్ళు చిన్నవవుతాయి. పెద్ద ఫ్రేములో చిన్న కన్ను దూరంగా, ఒంటరిగా కనిపిస్తుంది. ఏవియేటర్ ఇవ్వాల్సిన ధీమా ఎక్కడా మిగలదు.

క్యాట్-ఐ సంగతి ఆసక్తిగా ఉంటుంది. 52, 17 కలిపితే 69, ఒక్కో కన్ను నాలుగున్నర మిల్లీమీటర్లు లోపలికి. పైకి లేచిన మూల కంటిపాపకి ఇంకా దూరం కాబట్టి అక్కడ మందం ఏడు పైనే వస్తుంది. కానీ క్యాట్-ఐ ఎక్కువగా ఎసిటేట్ అనే మందపాటి ప్లాస్టిక్‌తో చేస్తారు, పైగా ఆ మూలనే అన్నింటికన్నా లావుగా ఉంచుతారు. అద్దం లావయ్యే చోటు, ఫ్రేమ్ లావుగా ఉన్న చోటు ఒకటే కావడంతో ఒకదాని వెనక ఒకటి దాగిపోతాయి. ఆమె నా చెల్లెలైతే రౌండ్ తీసుకోమంటాను. కాస్త చురుకు కావాలంటే క్యాట్-ఐ. ఏవియేటర్ మీదే మనసు పోతే 52 వెడల్పున్న చిన్న సైజు వెతకమంటాను, ముదురు రంగు అంచుతో.

గుండ్రానికి తనదంటూ ఒక లోపం ఉంది, చాలామందికి తెలియదు. చీటీలో స్ఫెరికల్ పక్కన సిలిండర్, యాక్సిస్ అని రాసి ఉంటే అద్దం ఏ కోణంలో కూర్చోవాలో కూడా ముఖ్యమే. మూలలున్న ఫ్రేములో అద్దం తిరగడానికి వీల్లేదు. పూర్తి గుండ్రం ఫ్రేములో స్క్రూ కాస్త వదులైనా తుడిచేటప్పుడు బొటనవేలి ఒత్తిడికి అద్దం చుట్టులోనే తిరిగిపోతుంది. సిలిండర్ 2 ఉన్నవాళ్ళకి అది 10 డిగ్రీలు తిరిగితే 0.7 పవర్ దాకా దోషం మిగిలిపోతుంది. 30 డిగ్రీలు తిరిగితే ఆ సిలిండర్ పెట్టుకున్న ప్రయోజనమే పోతుంది. చూపు మసకబారి, సాయంత్రానికి నుదురు నొప్పి మొదలవుతుంది. పవర్ పెరిగిందేమో అనుకుని మళ్ళీ పరీక్షకు పోతారు. గుండ్రం ఫ్రేములో ఉన్నట్టుండి ఒక కంటికే మసక మొదలైతే ముందు దుకాణానికి వెళ్ళి అద్దం కోణం చూపించుకోవడం మంచిది. స్క్రూ బిగించి, అద్దాన్ని సరిచేయడం పెద్ద పనేమీ కాదు. గుండ్రంగా కనిపిస్తూ పైన కొద్దిగా చదునుగా ఉండే పాంటో ఆకారంలో ఈ ఇబ్బంది బాగా తక్కువ.

నలభై దాటి చత్వారం వచ్చి, దూరానికీ దగ్గరికీ కలిపి ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్ళకి ఆకారం ఎంపిక ఇంకో చోట దెబ్బకొడుతుంది. ఈ అద్దాల్లో చదివే భాగం కింద, ముక్కు వైపుకి ఉంటుంది, ఎందుకంటే పుస్తకం చూసేటప్పుడు కళ్ళు కిందికీ లోపలికీ తిరుగుతాయి. ఏవియేటర్ ఎంత లోతున్నా సరిగ్గా ఆ లోపలి కింది మూలే కోసుకుపోయి ఉంటుంది. క్యాట్-ఐకి కింది భాగం ఇరుకు. కంటిపాప నడుమ నుంచి ఫ్రేమ్ కింది అంచు దాకా 17, 18 మిల్లీమీటర్లు లేకపోతే మామూలు ప్రోగ్రెసివ్‌లో చదివే చోటు తెగిపోతుంది. ఫోనులో అక్షరాలు చూడ్డానికి గడ్డం పైకెత్తుతూ కనపడేవాళ్ళలో కొందరి ఇబ్బంది ఇదే. ఇలాంటివాళ్ళకి కాస్త పెద్ద పాంటో, లేదా కింది భాగం లోతున్న క్యాట్-ఐ సుఖం.

ఇక ముక్కు. ఒకే ఫ్రేమ్ ఇద్దరి మీద రెండు రకాలుగా ఉండడానికి ముక్కు దూలమే పెద్ద కారణం. దూలం అంత ఎత్తుగా లేని ముక్కు మీద ఎసిటేట్ ఫ్రేమ్ నిలవదు, మన ఉక్కపోతలో చెమటకి ఇంకా జారుతుంది. క్యాట్-ఐ 5 మిల్లీమీటర్లు జారిందంటే దాని ప్రాణమే పోతుంది. కనుబొమ్మ వెంట పైకి లేవాల్సిన కొస కంటికి అడ్డంగా వస్తుంది. అసలు కనుబొమ్మ ఒకటి, దాని కింద ఫ్రేమ్ గీత ఒకటి, మొత్తం రెండు వరసలవుతాయి. ముఖం చురుగ్గా కాకుండా విసుగ్గా కనిపిస్తుంది. రౌండ్ జారితే ముక్కు చివర కూర్చుని తాతగారి వాలకం వస్తుంది, అది కొందరికి ముద్దుగానే ఉంటుందనుకోండి. దూలం తక్కువున్నవాళ్ళు లోహపు ఫ్రేములు, లేదా ఎసిటేట్‌కే విడిగా ముక్కు ప్యాడ్లు బిగించినవి అడగాలి. ఆ ప్యాడ్లను చిన్న పట్టకారుతో దగ్గరికి నొక్కితే ఫ్రేమ్ పైకి లేస్తుంది, విప్పదీస్తే కిందికి దిగుతుంది. ఎసిటేట్ కాడల చివరలైతే వెచ్చబెట్టి చెవి వెనక వంపుకి తగ్గట్టు వంచుతారు. మంచి దుకాణంలో ఈ పని డబ్బు అడగకుండానే చేస్తారు. తొందరపెట్టి తీసుకెళ్ళకుండా ఆ పది నిమిషాలు కూర్చోవాలి.

గుండ్రని ముఖానికి గుండ్రని ఫ్రేమ్ వద్దు, కోలముఖానికి ఏదైనా సరే అని దుకాణాల్లో పట్టికలు తగిలిస్తారు. వాటి మీద నాకు గురి లేదు. ముఖాలు అలా నాలుగు గళ్ళలో సర్దుకోవు. అంతకంటే అద్దం ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫ్రేమ్ పైఅంచు మీ కనుబొమ్మతో పాటే నడుస్తోందా, దాన్ని అడ్డంగా కోస్తోందా? కంటిపాప అద్దానికి నడుమ, కొంచెం పైకి ఉందా, లేక ముక్కు వైపుకి ఒదిగిపోయిందా? రౌండ్ ఫ్రేములో కళ్ళు లోపలికి ఒదిగితే ముఖానికి బిత్తరచూపు వస్తుంది. అది ఆకారం తప్పు కాదు, సైజు తప్పు. తర్వాత పళ్ళు కనపడేలా నవ్వండి. నవ్వినప్పుడు చెంపలు ఫ్రేముని పైకి నెడితే, అది ఏవియేటర్ అయితే ముఖ్యంగా, ఒక సైజు తగ్గించాల్సిందే. లేకపోతే నవ్విన ప్రతిసారీ అద్దం కదులుతుంది, చెంప చెమట అద్దానికి అంటుకుని మసకేస్తుంది. ఆ తర్వాత తల దించి నేల చూడండి. జారిందా?

పవర్ ఎక్కువున్నవాళ్ళకి ఇక్కడ ఒక చిక్కుంది. తమ కళ్ళజోడు తీసి డమ్మీ ఫ్రేమ్ పెట్టుకుంటే అద్దంలో వాళ్ళ ముఖం వాళ్ళకే కనపడదు. ముక్కు అద్దానికి ఆనించి చూస్తారు. అంత దగ్గర్లో ఫ్రేమ్ ఒక్కటే కనపడుతుంది, ముఖం మొత్తం కనపడదు. వాళ్ళు ఒక్కో ఫ్రేమ్ పెట్టుకుని, చేయి చాచినంత దూరం నుంచి ఒకటి, నాలుగడుగుల దూరం నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో తీయించుకోవాలి. అందులో ఒకటైనా మాట్లాడుతూ ఉండగా తీసింది ఉండాలి. తర్వాత తమ పాత కళ్ళజోడు పెట్టుకుని ఫోనులో ఆ ఫొటోలు పక్కపక్కన చూసుకుంటే, మనుషులు తమని చూసే దూరం నుంచి ఏ గీత ఎటు వాలిందో అప్పుడు వాళ్ళకీ కనపడుతుంది.